‘ఇదంతా ఆఫ్ ది రికార్డ్ అండీ’ అన్నాక ఏం రాయొచ్చు, ఎలా రాయాలి

“సార్, గుంటూరులో కంట్రిబ్యూటర్‌గా కొత్తగా చేరాను. నిన్న తాగునీటి సమస్య మీద ఓ ఇంజినీరు అరగంట ఫోన్లో అన్నీ చెప్పి, పెట్టేసే ముందు ‘ఇదంతా ఆఫ్ ది రికార్డ్ అండీ’ అన్నారు. ఇప్పుడు నేనేం రాయొచ్చు? ఆన్ రికార్డ్, బ్యాక్‌గ్రౌండ్, ఆఫ్ ది రికార్డ్ మధ్య తేడా ఏంటి? ఒక్కోదాన్ని ఎలా కోట్ చేయాలి?”

చివర్లో అన్న మాట వెనక్కి పనిచేయదు. ఫలానా పత్రిక విలేకరినని మీరు ముందే చెప్పి, ఆయన ఆ సంగతి తెలిసే మాట్లాడి ఉంటే, ఆ ‘ఆఫ్ ది రికార్డ్’ అనే మాట వచ్చేలోపు చెప్పినదంతా ఆన్ రికార్డే. పేరుతో రాసినా నియమం తప్పినట్టు కాదు. అయినా రేపటి పేపర్లో అలా రాసేయమని నేను చెప్పను. ఈరోజే ఆయనకు మళ్లీ ఫోన్ చేయండి.

నియమం ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చెబుతాను. 2008లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ బరాక్ ఒబామా సలహాదారు సమంతా పవర్ ‘ది స్కాట్స్‌మన్’ పత్రికకు ఇంటర్వ్యూ ఇస్తూ హిల్లరీ క్లింటన్‌ను రాక్షసి అనే అర్థం వచ్చే మాట అనేశారు. అన్న వెంటనే ఇది ఆఫ్ ది రికార్డ్ అన్నారు. ఇంటర్వ్యూ అంతా ఆన్ రికార్డ్ అన్న అవగాహనతోనే మొదలైంది కాబట్టి పత్రిక ఆ మాటను ఆమె పేరుతోనే అచ్చేసింది. దాంతో పవర్ ఒబామా ప్రచార బృందం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. పవర్ స్వయంగా విలేకరిగా పనిచేసిన మనిషి, ఆట నియమాలన్నీ తెలిసినవారు. అందుకే ఆమె విషయంలో పత్రిక చేసింది సబబేనని నేననుకుంటాను.

మీ ఇంజినీరు సంగతి వేరు. ఆయనకు రోజూ విలేకరులతో మాట్లాడే అలవాటు ఉండకపోవచ్చు. పైగా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉంది. నగరపాలక సంస్థలో ఎవరు పడితే వారు పత్రికలతో మాట్లాడితే కనీసం మెమో అందుకోవాల్సి వస్తుంది. ఎమ్మెల్యేనో, పార్టీ అధికార ప్రతినిధో చివర్లో ఆఫ్ ది రికార్డ్ అంటే నేను ఒప్పుకోను. వార్డు సచివాలయం ఉద్యోగి, ఆస్పత్రి నర్సు, కాలనీ గృహిణి లాంటివాళ్లయితే ఒప్పుకొని, మళ్లీ కూర్చుని ఏది ఎలా వాడాలో మాట్లాడుకుంటాను.

మనవైపు ఇంకో చిక్కుంది. విజయవాడలోనైనా గుంటూరులోనైనా అధికారులు ‘ఆఫ్ ది రికార్డ్’ అన్నప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు వాళ్ల ఉద్దేశం ‘నా పేరు రాయకండి’ అనే. విషయం బయటికి రావాలనే వాళ్లూ కోరుకుంటారు. పేరు లేకుండా విషయం రాయమనడం బ్యాక్‌గ్రౌండ్. అసలు విషయమే రాయొద్దనడం ఆఫ్ ది రికార్డ్. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది, కానీ అందరూ ఒకే మాట వాడేస్తారు. కాబట్టి ఆ మాట చెవిన పడగానే అక్కడే ఆపి, “పేరు వద్దంటున్నారా, విషయమే వద్దంటున్నారా?” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం గొడవలు పోతాయి. పేరు వద్దంటే, “మిమ్మల్ని ఏమని రాయమంటారు?” అని రెండో ప్రశ్న. ఆయన ఒప్పుకున్న మాటలను అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాసుకుని ఆయనకు చదివి వినిపించండి. ఇది నోటిమాట ఒప్పందమే, కానీ ఒప్పందమే. ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుంది, మాట చెప్పకముందే కుదరాలి.

నోట్‌బుక్ మార్జిన్‌లో నేను మూడు గుర్తులు వేసుకుంటాను: ఆన్‌కి ‘ఆ’, బ్యాక్‌గ్రౌండ్‌కి ‘బ్యా’, ఆఫ్‌కి అడ్డగీత. మాట మధ్యలో స్థాయి మారితే ఆ చోట టైమ్ వేస్తాను. మనిషి ఆఫ్‌లోకి వెళ్లినప్పుడు అందరూ గమనిస్తారు. మళ్లీ ఆన్‌లోకి ఎప్పుడొచ్చాడో ఎవరూ గమనించరు, తగవులన్నీ అక్కడే వస్తాయి. “ఇక్కణ్నుంచి మళ్లీ పేరుతో రాసుకోవచ్చు కదండీ” అని మీరే అడగాలి.

ఇప్పుడు మీ తాగునీటి సంగతే తీసుకుందాం. వివరాలు మీవేంటో నాకు తెలీదు కాబట్టి నేనే ఊహించి చెబుతాను. ఒక కాలనీలో వారం నుంచి కుళాయిల్లో రంగు మారిన నీళ్లొస్తున్నాయి. అక్కడి అసిస్టెంట్ ఇంజినీరు, అంటే ఏఈ, మీకు మూడు సంగతులు చెప్పారు. ఒకటి, పైపు లీకైన మాట నిజమే, రెండు రోజుల్లో బాగుచేస్తాం. రెండు, ఆ పైపు మురుగు కాలువను ఆనుకునే పోతోంది, మార్చాలని పోయినేడాదే ప్రతిపాదన పంపాం, ఫైలు కదల్లేదు. మూడు, మొన్న తీసిన శాంపిల్‌లో కోలిఫాం బ్యాక్టీరియా వచ్చింది, రిపోర్టు పైకి పంపాం, బయటపెట్టొద్దన్నారు.

మొదటిది పేరుతో రాసుకోమన్నారు. అది ఆన్ రికార్డ్. పేరు, హోదా, ఆయన మాట మూడూ ఉండాలి. “పైపు లీకైన మాట వాస్తవమేనని, రెండు రోజుల్లో మరమ్మతు పూర్తిచేస్తామని నగరపాలక సంస్థ ఏఈ ఫలానా తెలిపారు.” మన పత్రికల్లో ఎక్కువగా ఇలా ‘అని’తో పరోక్షంగానే రాస్తాం, అదే మంచిది. కొటేషన్ గుర్తులు పెడితే మాత్రం లోపల ఉన్నవి ఆయన నోటి మాటలే అయి ఉండాలి. ఆయన సగం తెలుగు సగం ఇంగ్లిష్ కలిపి మాట్లాడి ఉంటే, మీరు శుభ్రమైన గ్రాంథికంలోకి మార్చి గుర్తుల మధ్య పెట్టకండి. ‘అదీ’, ‘అంటే’ లాంటి ఊతపదాలు తీసేయొచ్చు. ‘చేస్తాం’ అన్నదాన్ని ‘తప్పకుండా చేస్తాం’ అని మాత్రం చేయకూడదు.

రెండోది పేరు లేకుండా రాయమన్నారు, అది బ్యాక్‌గ్రౌండ్. ఇక్కడ కాసేపు ఆగాలి. మొదటి వాక్యంలో ఏఈ పేరు రాసి, తర్వాతి పేరాలో “నగరపాలక సంస్థ అధికారి ఒకరు చెప్పారు” అని అదే మనిషిని మళ్లీ తెచ్చామనుకోండి. పాఠకుడు ఇద్దరు వేర్వేరు మనుషులు మాట్లాడారనుకుంటాడు. అది పాఠకుణ్ని మోసం చేయడమే. ఆఫీసులో వాళ్లు మాత్రం ఒక్క క్షణంలో పట్టేస్తారు, ఆ విలేకరితో మాట్లాడింది ఫలానా ఏఈనే కదా, రెండోదీ ఈయనే అని. అంటే పాఠకుడి దగ్గర దాగాల్సిన అవసరం లేనిది దాగింది, పైఅధికారి దగ్గర దాగాల్సింది బయటపడింది.

కాబట్టి ఒక వార్తలో ఒక మనిషి ఒక్క రూపంలోనే కనిపించాలి. ఏఈ దగ్గరున్న విలువైన సంగతి ఫైలు కదల్లేదన్నది. లీకేజీ మాట ఎవరైనా చెబుతారు. దానికి ఏఈ పైనుండే ఇంజినీర్లు ఈఈకో, ఎస్ఈకో, లేదా కమిషనర్‌కో ఫోన్ చేసి వాళ్ల పేరుతో వివరణ తీసుకోండి. ఏఈని పూర్తిగా బ్యాక్‌గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి, వార్తలో ఆయన పేరు ఎక్కడా రాకుండా చూడండి. నిన్న పేరుతో రాసుకోమన్న వాక్యాన్ని కూడా వదిలేయండి. పోయేదేమీ లేదు.

అప్పుడు ఆయన్ని ఏమని రాయాలి? ‘కాలనీ నీటి సరఫరా చూసే ఇంజినీరు’ అంటే ఉన్నది ఒక్కరే, పేరు రాసినట్టే లెక్క. ‘అధికార వర్గాలు’ అంటే మరీ పలుచన, పైగా అబద్ధం కూడా. ఒక్క మనిషి చెప్పినదాన్ని ‘వర్గాలు తెలిపాయి’, ‘అధికారులు చెబుతున్నారు’ అని రాస్తే ఒకరిని పదిమందిని చేసినట్టు. మన తెలుగు పత్రికల్లో ఈ అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే రాసేవాళ్లకు తప్పుగా అనిపించడం కూడా మానేసింది. నాకు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒక్కరు చెబితే ‘ఒకరు’ అనే రాయండి. ఆ వర్ణనలో ఆయనతోపాటు కనీసం ఐదారుగురు ఇమిడేట్టు చూడండి. అలాగని లేని శాఖ అంటగట్టకూడదు, ఇంజినీరును రెవెన్యూ అధికారి అనకూడదు. పేరు ఎందుకు లేదో కూడా రాయండి. అన్నీ కలిపితే వాక్యం ఇలా వస్తుంది: “పైపులైన్ మార్పిడికి గతేడాదే ప్రతిపాదన పంపినా ఫైలు ముందుకు కదల్లేదని, మీడియాతో మాట్లాడే అధికారం తనకు లేనందున పేరు వెల్లడించవద్దని కోరిన నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగం అధికారి ఒకరు తెలిపారు.” వాక్యం కాస్త పొడవే. డెస్క్‌లో కోసేస్తామంటారు. ఆ కారణం మాత్రం కోయొద్దని అడగండి, ఎందుకంటే ఈ మాటను ఎంతవరకు నమ్మాలో పాఠకుడికి చెప్పేది అదే.

ఈ వాక్యంలో ‘తెలిపారు’ అన్న గౌరవ రూపం ఆడా మగా తెలియనివ్వదు. తర్వాతి వాక్యంలో ‘ఆమె’ అని రాస్తే ఆ విభాగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు మహిళల్లో ఎవరో తేలిపోతుంది. యాస కూడా అంతే. గుంటూరు ఆఫీసులో ఒకే ఒక్క శ్రీకాకుళం మనిషి ఉంటే, ఆయన మాటల్ని ఆ యాసతోనే గుర్తుల మధ్య పెట్టడం ఆయన ఫొటో వేసినంత పని. బ్యాక్‌గ్రౌండ్‌లో నేరుగా కోట్ చేయడానికి ఒప్పుకున్నా, ఆఫీసులో ఆయన నోట రోజూ వినిపించే మాట ఏదైనా ఉంటే తీసేసి పరోక్షంగా రాయండి. వాట్సాప్‌లో పంపిన ప్రతిపాదన కాపీ ఫొటోను అలాగే అచ్చేయకండి. మడత, చేతిరాత టిక్కులు, మూల చిరిగిన తీరు చూసి ఆ కాపీ ఎవరి టేబుల్‌దో చెప్పేవాళ్లుంటారు. అందులోని విషయం రాసుకోండి, చాలు.

బ్యాక్‌గ్రౌండ్ ఇవ్వాల్సింది సమాచారానికి. ఇంకొకరి మీద ఆరోపణకో, తిట్టుకో పేరు దాచే సౌకర్యం ఇవ్వొద్దు. ‘మా ఎస్ఈ పనికిమాలినోడు’ అన్నది పేరుతో అంటే రాయొచ్చు, లేకపోతే వదిలేయాలి.

బ్యాక్‌గ్రౌండ్‌కి ఇంకాస్త లోతున ‘డీప్ బ్యాక్‌గ్రౌండ్’ అని ఉంటుంది. విషయం వాడుకోవచ్చు, కానీ ‘అధికారి ఒకరు’ అని కూడా అనకూడదు. అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్ వాషింగ్టన్ పోస్ట్ విలేకరి బాబ్ వుడ్‌వర్డ్‌తో మాట్లాడింది ఈ ఒప్పందం మీదే. ఆ సమాచారమిచ్చిన మనిషి తానేనని ఫెల్ట్ 2005లో స్వయంగా బయటపెట్టేదాకా పేరు దాగింది. వుడ్‌వర్డ్ ఆయన మాటను ఎక్కువగా వేరేచోట దొరికినదాన్ని సరిచూసుకోవడానికే వాడుకున్నారు. మన దగ్గర మాత్రం ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘భోగట్టా’ అని వాక్యం ముగించేసి అదే పని ఏ సరిచూసుకోవడమూ లేకుండా చేస్తుంటారు. కంట్రిబ్యూటర్‌గా ఉన్నంతకాలం ఈ స్థాయిలో ఎవరికీ మాటివ్వకండి. ఇవ్వాలంటే ముందు బ్యూరో ఇన్‌చార్జిని అడగండి.

ఇక మూడోది, కోలిఫాం రిపోర్టు. విషయమే రాయొద్దన్నారు, మీరు సరేనన్నారు. అప్పుడు ‘తెలిసింది’ అని కూడా రాయకూడదు. పేరు తీసేశాం కదా అని సరిపెట్టుకోవడం మాట తప్పడమే. అయితే విన్నదాన్ని మరిచిపోవాలని ఎవరూ అనరు. ఎక్కడ వెతకాలో తెలిసింది కదా. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో 100 మిల్లీలీటర్ల శాంపిల్‌లో కోలిఫాం అసలు కనిపించకూడదు, మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కాలనీలో పైపు చివరి ఇంటికి వెళ్లి, కుళాయి నీళ్లకు క్లోరోస్కోప్ పరీక్ష చేయించండి. గాజు గొట్టంలో మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. తిరగకపోతే ఆ సంగతి మీరు కళ్లారా చూసింది, మీ సొంత వార్త. అక్కడి మనుషుల పేర్లతో, తేదీతో రాసుకోవచ్చు. శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపితే కోలిఫాం సంగతి కూడా మీ చేతికే వస్తుంది. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఈ వారం వాంతులు, విరేచనాల కేసులు ఎన్నొచ్చాయో అడగండి. సమాచార హక్కు చట్టం కింద రిపోర్టు అడిగితే మామూలుగా 30 రోజుల గడువు, మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

పైఅధికారిని అడిగే తీరులో జాగ్రత్త కావాలి. “శాంపిల్‌లో కోలిఫాం వచ్చిందటగా సార్” అని కమిషనర్‌ని అడిగారంటే, ఆ రిపోర్టు చూసిన నలుగురి మీదకీ అనుమానం పోతుంది. “ఆ కాలనీలో శాంపిళ్లు తీశారా? ఎప్పుడు తీశారు? ఫలితాలేంటి?” అని అడగండి. ఇది ఏ విలేకరైనా అడగదగ్గ ప్రశ్న. ఆయన జవాబిస్తే అది ఆన్ రికార్డ్. అప్పుడు ఏఈకి ఇచ్చిన మాట చెడకుండానే విషయం వార్తవుతుంది.

మీకు రావాల్సిన సందేహం ఒకటుంది. జనం ఆ నీళ్లే తాగుతున్నారు, నేను 30 రోజులు ఆగాలా? ఆగకూడదు. ముందు ఏఈ దగ్గరికే వెళ్లి, “పిల్లలు తాగుతున్నారండీ, దీన్ని కనీసం పేరు లేకుండా రాయనివ్వండి” అని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, వాళ్లకూ టెన్షన్‌గానే ఉంటుంది. ఒప్పుకోకపోతే నిర్ణయం ఎడిటర్‌ది. ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో గోప్యంగా చెప్పిన విషయాన్ని ప్రచురించకూడదన్న దానికి రెండు మినహాయింపులున్నాయి. చెప్పిన మనిషి తర్వాత ఒప్పుకోవడం ఒకటి, ఆఫ్ ది రికార్డ్‌గా చెప్పినదే అయినా ప్రజాప్రయోజనం కోసం ప్రచురిస్తున్నామని ఎడిటర్ ఫుట్‌నోట్ ఇవ్వడం రెండోది. రెండోది మీరూ నేనూ తీసుకునే నిర్ణయం కాదు. మనిషి పేరు చెప్పడానికి మాత్రం ఇది అనుమతి కాదని గట్టిగా నమ్ముతాను.

చిట్‌చాట్ సంగతి కూడా చెప్పాలి. మంత్రి ప్రెస్‌మీట్ అయ్యాక టీ తాగుతూ విలేకరులతో ఇష్టాగోష్టిగా మాట్లాడతారు. కెమెరాలు లేవు కాబట్టి ఆఫ్ అని కొందరు, అందరూ విన్నారు కాబట్టి ఆన్ అని కొందరు అనుకుంటారు. మన దగ్గర దాన్ని పేరుతో రాయడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ముందే ఎవరో ఒకరు “రాసుకోవచ్చా సార్?” అని అడిగితే ఏ గొడవా ఉండదు. ఫోన్ రికార్డు చేసే అలవాటుంటే, కోర్టు వ్యవహారంలో మీ రక్షణకు అవసరమైతేనో, అంత బలమైన కారణం ఉంటేనో తప్ప అవతలి మనిషికి చెప్పకుండా రికార్డు చేయకూడదని కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి.

చివరగా, మీరిచ్చే మాట ఎంతవరకు నిలుస్తుందో మీకు తెలియాలి. ప్రెస్ కౌన్సిల్ చట్టం, 1978లోని 15(2) సెక్షన్ ప్రకారం వార్త ఎవరిచ్చారో చెప్పమని విలేకరిని కౌన్సిల్ బలవంతపెట్టలేదు. ఆ రక్షణ కౌన్సిల్ విచారణకే. కోర్టుల్లో అలాంటి రక్షణ ఇస్తూ సాక్ష్య చట్టంలో ఒక సెక్షన్ పెట్టాలని 1983లోనే లా కమిషన్ తన 93వ నివేదికలో సిఫార్సు చేసింది, అది చట్టం కాలేదు. కాబట్టి ‘ఎవరడిగినా చచ్చినా చెప్పను’ అని సినిమా డైలాగ్ కొట్టకండి. “పేపర్లో మీ పేరు రాదు. మా డెస్క్ ఇన్‌చార్జి ఒక్కరికి తెలుస్తుంది, ఆయనకూ మీకూ మధ్య నేనుంటాను” అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దీంతో ఆయన వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి.

డెస్క్ ముచ్చట ఎందుకంటే, మాట ఎక్కువగా చెడేది అక్కడే. 1982లో అమెరికాలోని మిన్నెసోటాలో డాన్ కోహెన్ అనే మనిషి ఎన్నికల ముందు ఒక అభ్యర్థికి సంబంధించిన పాత కోర్టు కాగితాలు విలేకరులకిచ్చారు. పేరు రాయబోమని వాళ్లు మాటిచ్చారు. రెండు పత్రికల ఎడిటర్లు, ఆ మాట మాది కాదన్నట్టు, పేరు వేసేశారు. ఆరోజే ఆయన ఉద్యోగం పోయింది. ఇచ్చిన మాటకు కట్టుబడాల్సిందేనని అడగడానికి పత్రికా స్వేచ్ఛ అడ్డం కాదని 1991లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి రెండు లక్షల డాలర్ల పరిహారం ఖాయమైంది. మాటిచ్చింది విలేకరి, తప్పింది ఎడిటర్.

అందుకే కాపీ పంపేటప్పుడు పైన విడిగా రెండు లైన్లు రాయండి: “మూడో పేరాలోని అధికారి పేరు వద్దన్నారు. ‘ఇంజినీరింగ్ విభాగం అధికారి ఒకరు’ అనే రాయాలి, మార్చొద్దు.” అసలు పేరు ఆ నోట్‌లో రాయకండి, ఇన్‌చార్జికి ఫోన్లోనే చెప్పండి. రాత్రి పేజీ పెట్టేవాళ్లకు ఈ సంగతులు తెలియవు. నీటి వార్త కదా అని పాత ఫోల్డర్‌లోంచి ఆ ఏఈ పైపు దగ్గర నిలబడ్డ ఫొటో తీసి, కింద పేరుతో క్యాప్షన్ పెట్టేయగలరు. పేజీ వెళ్లేముందు ఒకసారి ఫోన్ చేసి మీ పేరా, హెడ్డింగ్, ఫొటో క్యాప్షన్ చదివించుకోండి.